లిటరేచర్ రివ్యూ: పేర్ల వరుసను విప్పి ప్రశ్నల వరుసగా కట్టడం ఎలా

పోయిన వేసవిలో మా జూనియర్ ఒకమ్మాయి తన థీసిస్ రెండో చాప్టర్, అంటే ముందువాళ్లు చేసిన పరిశోధనలను సమీక్షించే లిటరేచర్ రివ్యూ, ప్రింటు తీసుకుని అనంతపురంలో మా ఇంటికి వచ్చింది. 62 పేజీలు. "అక్కా, గైడు సారు మొత్తం చదివి, 'అందరూ ఏమన్నారో ఉంది, నువ్వేమంటున్నావో లేదు కదమ్మా' అన్నారు. ఇప్పుడు మళ్లీ మొదటి నుంచి రాయాలా?" అని అడిగింది. ముఖంలో టెన్షన్ కనిపిస్తూనే ఉంది.

నేను మధ్యలో ఒక పేజీ తీశాను. ప్రతి పేరాకూ ఒకే మొదలు: "ఫలానా వారు తమ అధ్యయనంలో పేర్కొన్నారు". కింద పేరాలో ఇంకొకరు, మళ్లీ "పేర్కొన్నారు". చదవకుండానే మూడు పేరాలను కత్తెరతో కత్తిరించి, వరుస మార్చి, గ్లూ స్టిక్‌తో అతికించి ఆమెకే ఇచ్చాను. "చదువు. ఎక్కడైనా అడ్డం తగులుతోందా?" చదివింది. ఎక్కడా తగల్లేదు. తను రాసిన పేరాలే తారుమారైతే తనకే తెలియలేదు.

మీ చాప్టర్‌కు కూడా ముందు ఈ పరీక్ష పెట్టండి. పేరాలను పేకముక్కల్లా కలిపేసినా ఏమీ చెడిపోకపోతే, ఆ పేరాల మధ్య సంబంధమేదీ లేదన్నమాట. ఒకటి ముందుండాలంటే, తర్వాతదానికి అది కావాల్సి ఉండాలి. ఈ తేడాను 2002లో వెబ్‌స్టర్, వాట్సన్ అనే ఇద్దరు ఎంఐఎస్ క్వార్టర్లీ అనే జర్నల్‌లో స్పష్టంగా చెప్పారు. రచయితల చుట్టూ తిరిగే రివ్యూ ఒక రకం, భావనల చుట్టూ తిరిగేది ఇంకో రకం. మొదటిదాన్ని రెండోదిగా మార్చడానికి ఒక పట్టిక వేసుకోమన్నారు. నేను చెప్పేది ఆ పట్టికతోనే మొదలవుతుంది. కానీ పట్టిక వేసినంత మాత్రాన పని అయిపోదు, అసలు కష్టం ఆ తర్వాత ఉంది.

ఆమె టాపిక్, అనంతపురం జిల్లాలో డ్రిప్ పెట్టుకున్న చీనీ, అంటే బత్తాయి, తోటల రైతులు, వాళ్ల బోర్లు. అదే ఉదాహరణగా తీసుకుందాం. కింద క, చ, ట, త, ప, మ అని నేను పిలిచే పేపర్లు నిజమైనవి కావు. ఆమె చదివిన రకం పేపర్లను పోలి ఉండేలా ఉదాహరణ కోసం అల్లినవి. థీసిస్ ఇంగ్లీషులో రాస్తున్నా తెలుగులో రాస్తున్నా పని ఒకటే.

మొదటి పని: పాత ఫైలు ముట్టుకోకండి

పాత చాప్టర్‌ను అలాగే ఉంచి, పేరు మార్చి కాపీ చేసుకోండి. ఆ పాత ఫైల్లోనే కట్, పేస్ట్ చేస్తూ కూర్చుంటే వారం పోతుంది, చివరికి పాత వాక్యాలే కొత్త హెడింగుల కింద చేరతాయి. ఇది నేను చాలామందిలో చూశాను. హెడింగు "డ్రిప్ వల్ల నీటి ఆదా" అని ఉంటుంది, దాని కింద మళ్లీ క గారు పేర్కొన్నారు, చ గారు పేర్కొన్నారు. అది రచయితల వరుసే, పైన టోపీ పెట్టారంతే.

కాబట్టి కొత్త చాప్టర్ ఖాళీ పేజీ మీదే మొదలవుతుంది. మధ్యలో ఒక మెట్టు ఉంది, అది స్ప్రెడ్‌షీట్.

రెండో పని: ఒక్కో పేపరును వరుసల్లోకి దించడం

ఎక్సెల్ గానీ గూగుల్ షీట్ గానీ తెరవండి. అయిదు కాలమ్స్ చాలు. పేపరు ఎవరిది, అది తేల్చిన మాట ఏమిటి, ఎక్కడ చూశారు, ఏ సంవత్సరాల డేటా, దేన్ని ఎలా కొలిచారు. ఒక పేపరు రెండు మూడు మాటలు తేలిస్తే, దానికి రెండు మూడు వరుసలు ఇవ్వండి. మొత్తం పనిలో ముఖ్యమైన మలుపు ఇదే. ఒక పేపరు ఒకే చోట ఉండాలన్న అలవాటు ఇక్కడ తెగిపోతుంది. ఆమె దగ్గర 78 పేపర్లుంటే, షీటులో 130కి పైగా వరుసలయ్యాయి.

"తేల్చిన మాట" కాలమ్‌లో అందరూ తప్పు చేస్తారు. ఆమె మొదట రాసింది చూడండి: "డ్రిప్ ఇరిగేషన్ గురించి". అది టాపిక్. ఇంకొకటి: "డ్రిప్ వినియోగం, ప్రయోజనాలను విశ్లేషించారు". ఇదీ అంతే. విశ్లేషించి ఏమన్నారు? ఒకరు "కాదు" అని ఎదురు చెప్పగలిగేలా ఉంటేనే అది తేల్చిన మాట. "డ్రిప్ పెట్టిన ప్లాటులో ఎకరాకు పెట్టే నీళ్లు, పారకం పెట్టిన ప్లాటు కంటే తగ్గాయి" అంటే దాన్ని కాదనొచ్చు, అవుననొచ్చు. అలా రాయలేకపోతున్నారంటే పేపరు కాదు, దాని అబ్‌స్ట్రాక్ట్ మాత్రమే చదివారని అర్థం. సిగ్గుపడాల్సిందేమీ లేదు, అందరం చేసేదే, కానీ ఆ పేపరు రిజల్ట్స్ భాగం ఇప్పుడు తెరవక తప్పదు.

"ఏ సంవత్సరాల డేటా" అన్న కాలమ్‌ను చాలామంది వదిలేసి, పేపరు అచ్చయిన ఏడాది రాసుకుంటారు. రెండూ వేరు. మన రాష్ట్రంలో ఇది ఎంత తేడా చేస్తుందో చూడండి. బోర్ల మీద అదుపు కోసం వాల్టా చట్టం వచ్చింది 2002లో. డ్రిప్‌కు సబ్సిడీ ఇచ్చే సూక్ష్మ సేద్యం ప్రాజెక్టు మొదలైంది 2003లో. వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది 2004లో. 2007లో అచ్చయిన ఒక పేపరు డేటా 2001ది అయితే, అందులోని రైతు మోటారుకు కరెంటు బిల్లు కడుతున్నాడు. 2010 డేటాలోని రైతు కట్టడం లేదు. ఇద్దరూ నీళ్ల విషయంలో వేరువేరుగా నడుచుకుంటే, ఆ రెండు పేపర్లు గొడవ పడుతున్నాయని రాయకూడదు. కాలం మారిందని రాయాలి. ఈ కాలమ్ లేకపోతే అది కనిపించదు.

"ఎలా కొలిచారు" కాలమ్ కూడా అంతే. రైతును అడిగి మోటారు ఎన్ని గంటలు ఆడిందో రాసుకున్నారా, పైపుకు మీటరు పెట్టారా, బోర్లలో నీటిమట్టం చూశారా? ఒక్క ముక్కలో రాయండి. మీ రివ్యూకు బలం తర్వాత ఈ కాలమ్ నుంచే వస్తుంది.

రోజుకు పది పన్నెండు పేపర్లు చేస్తే చాలు. అంతకంటే ఎక్కువ చేస్తే సాయంత్రానికి మళ్లీ "విశ్లేషించారు" అని రాయడం మొదలవుతుంది.

మూడో పని: వరుసలను గుంపులు చేయడం

ఇక్కడ మన యూనివర్సిటీల్లో పాతుకుపోయిన ఒక అలవాటు గురించి మాట్లాడాలి. థీసిస్ ఏది తిరగేసినా రెండో చాప్టర్‌లో ఇలా ఉంటుంది: "విదేశాల్లో జరిగిన అధ్యయనాలు", "భారతదేశంలో జరిగిన అధ్యయనాలు", "ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన అధ్యయనాలు". చూడ్డానికి విభజనలాగే ఉంటుంది. కానీ స్పెయిన్‌లో డ్రిప్ మీద వచ్చిన మాట, హిందూపురంలో డ్రిప్ మీద వచ్చిన మాట ఒకే ప్రశ్నకు జవాబులైతే, వాటిని ఇరవై పేజీల దూరంలో పెడితే అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేవు. అలాగని ఈ విభజన గైడు గారు అడిగారంటే ఎదురు తిరగక్కర్లేదు. గుంపులు ప్రశ్నల ప్రకారం చేసి, ఒక్కో గుంపు లోపల ముందు బయటి దేశాలవి, తర్వాత మన దేశానివి, చివర మన జిల్లావి అనే క్రమంలో చెప్పండి. ఆయన అడిగింది ఉంటుంది, మీకు కావలసిందీ ఉంటుంది.

గుంపులకు పేరుగా నామవాచకం పెట్టకండి, ప్రశ్న పెట్టండి. "నీటి ఆదా" అని పెడితే నీటి ఆదా మాట వచ్చిన ప్రతి పేపరూ అందులో దూరిపోతుంది. "డ్రిప్ వల్ల మిగిలిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయి?" అని పెడితే, జవాబు చెప్పేవి మాత్రమే వస్తాయి. చాప్టర్ పూర్తయ్యాక ఈ ప్రశ్నలను మామూలు హెడింగులుగా మార్చుకోవచ్చు.

ఆమె షీటులో వరుసల పక్కన మరో కాలమ్ చేర్చి, ఒక్కో వరుస ఏ ప్రశ్నకు జవాబో రాయించాను. మొదటి సారి పదకొండు ప్రశ్నలొచ్చాయి. అది ఎక్కువ. ఒక ప్రశ్న కింద రెండు మూడు వరుసలే ఉంటే దాన్ని పక్క ప్రశ్నలో కలపండి. ఒకే ప్రశ్న కింద నలభై ఉంటే దాన్ని చీల్చండి. చివరికి నాలుగు మిగిలాయి:

డ్రిప్ ఎవరికి అందుతోంది?
పొలంలో నీళ్ల వాడకం తగ్గుతోందా?
తగ్గితే, ఆ మిగిలిన నీళ్లు ఏమవుతున్నాయి?
బోరు ఒకరిదైనా భూగర్భ జలం అందరిదీ కదా, ఊరు కలిసి ఏం చేస్తోంది?

నాలుగోదాంట్లో ఊరంతా కూర్చుని ఏ పంటకు ఎన్ని నీళ్లో లెక్కవేసుకునే పద్ధతి మీద వచ్చిన పేపర్లున్నాయి. ఎఫ్‌ఏఓ సాయంతో మన కరువు జిల్లాల్లో నడిచిన ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ ప్రాజెక్టు గురించి చదివిన వాళ్లకు అది తెలిసే ఉంటుంది. బోర్లు కలిపి వాడుకునే కుటుంబాల మీద వచ్చినవీ అందులోనే చేరాయి.

ఏ గుంపులోనూ పట్టని వరుసలు పది పదిహేను మిగిలాయి. శనక్కాయ దిగుబడి మీద ఒకటి, తేనెటీగల మీద ఒకటి (అది ఎలా వచ్చిందో ఆమెకే గుర్తులేదు). కొన్ని పద్ధతికి సంబంధించినవి, వాటిని మెథడాలజీ చాప్టర్‌కు పంపాం. మిగిలినవి తీసేశాం. ఆమెకు ప్రాణం ఒప్పలేదు. "ఇంత చదివాను కదక్కా." చదివింది ఎక్కడికీ పోదు, వైవాలో ఎవరైనా అడిగితే చెప్పొచ్చు. చాప్టర్ మాత్రం చదివిన వాటన్నిటికీ రికార్డు పుస్తకం కాదు.

నాలుగో పని: వరుస తేల్చడం

గుంపులు చేశాక చాలామంది ఆగిపోతారు. అప్పుడు నాలుగు విడి డబ్బాలు తయారవుతాయి, చివరన "కాబట్టి ఈ అంశంపై పరిశోధన అవసరం" అని ఒక పేరా అంటిస్తారు. గ్యాప్, అంటే ఇంతవరకు ఎవరూ చూడకుండా వదిలేసిన ప్రశ్న, ఆ పేరాలో ఊడిపడుతుంది. అలా కాకుండా ఉండాలంటే, ఒక్కో గుంపు ఒక ప్రశ్నను మిగల్చాలి, తర్వాతి గుంపు దాన్ని అందుకోవాలి.

ఇది తేల్చుకోవడానికి కాగితం మీద నాలుగే వాక్యాలు రాయించాను. అవి ఇవి:

"డ్రిప్ ఎక్కువగా సొంత బోరున్న వాళ్లకే అందుతోంది. అందుకున్న వాళ్ల పొలంలో ఎకరాకు నీళ్ల వాడకం తగ్గుతోంది, కానీ బోర్లలో మట్టం పెరిగిందని తేలలేదు. ఎందుకంటే మిగిలిన నీళ్లతో రైతు ఇంకొంచెం భూమి తడుపుతున్నాడు, లేదా చీనీలాంటి ఏడాది పొడుగునా నీళ్లడిగే పంటకు మారుతున్నాడు. ఊరు కలిసి పెట్టుకున్న కట్టుబాట్లు ఈ మార్పును కొంత ఆపగలుగుతున్నాయి గానీ, ఇప్పటికే తోట వేసేసిన వాడి విషయంలో ఏం చేస్తాయో ఈ పేపర్లు చెప్పడం లేదు."

చూడండి, చివరి వాక్యానికి వచ్చేసరికి గ్యాప్ తలుపు దగ్గరికి వచ్చేశాం. నాలుగు వాక్యాల్లో ఏదైనా ఒకటి ముందుదానికి అతక్కపోతే, ఆ గుంపును ముందుకో వెనక్కో జరపండి. ఆమె మొదట "ఎవరికి అందుతోంది" అన్నదాన్ని మూడో చోట పెట్టింది. అప్పుడు నీళ్ల కథ మధ్యలో తెగిపోయింది. దాన్ని మొదటికి తెచ్చాక, సొంత బోరున్న వాళ్లన్న మాట తర్వాత అన్నిచోట్లా పనికొచ్చింది. ఈ కాగితం మీద ఒక సాయంత్రం మొత్తం పెట్టండి. చాప్టర్ మీద పెట్టే నెల కంటే ఈ సాయంత్రమే ఎక్కువ పని చేస్తుంది.

అయిదో పని: ఒక సబ్‌సెక్షన్ రాయడం

దగ్గర నుంచి చూద్దాం. రెండో, మూడో ప్రశ్నలు కలిసే చోటు తీసుకుంటున్నాను. ఆమె పాత పేజీలో ఇలా ఉంది:

"క తమ అధ్యయనంలో డ్రిప్ వల్ల నీటి వాడకం తగ్గిందని పేర్కొన్నారు. చ బోర్ల నీటిమట్టాన్ని పరిశీలించి, డ్రిప్ ఉన్న గ్రామాలకూ లేని గ్రామాలకూ తేడా లేదని పేర్కొన్నారు. ట రైతులను సర్వే చేసి మోటారు ఆడే గంటలు తగ్గాయని తెలిపారు. త డ్రిప్ రైతులు సాగు విస్తీర్ణం పెంచారని అభిప్రాయపడ్డారు."

నాలుగు వాక్యాల్లో ఒక పెద్ద తగాదా ఉంది, ఆమెకు కనిపించలేదు. క, ట తగ్గిందంటున్నాయి, చ తేడా లేదంటోంది. చదివేవాడికి వచ్చే మొదటి ప్రశ్న "మరి ఎవరిది నిజం?" ఆ పేజీలో దానికి జవాబు లేదు సరికదా, ఆ ప్రశ్నే లేదు.

ఇప్పుడు షీటులోకి వెళ్లి "ఎలా కొలిచారు" కాలమ్ చూడండి. క పైపు దగ్గర మీటరు పెట్టి కొలిచింది. ట రైతును అడిగింది. చ భూమి లోపల చూసింది. అంటే ముగ్గురూ ఒకే దాన్ని కొలవలేదు. పారకం పెట్టినప్పుడు పొలానికి ఇచ్చిన నీళ్లన్నీ మొక్క తాగదు. కొంత గాలికి ఆవిరవుతుంది, కొంత కిందకి ఇంకి మళ్లీ భూగర్భ జలంలో కలుస్తుంది. డ్రిప్ ఆ ఇంకే భాగాన్ని బాగా తగ్గిస్తుంది. పైపు దగ్గర చూస్తే అది ఆదా. బోరు దగ్గర చూస్తే, ముందు కూడా తిరిగి వచ్చేదే ఇప్పుడు రాలేదు, అందులో కొత్తగా మిగిలిందేమీ లేదు. నిజంగా మిగిలేది ఆవిరిలో తగ్గినంతే. దాని మీద త చెప్పినట్టు సాగు పెరిగితే అదీ ఖర్చయిపోతుంది. ఈ మాట తెలిశాక పేరా ఇలా మారింది:

"డ్రిప్ పెట్టిన పొలానికి పెట్టే నీళ్లు తగ్గుతాయన్న దాని మీద పెద్ద తేడా లేదు, మీటరుతో కొలిచినా (క), రైతును అడిగినా (ట) అదే తేలింది. అయితే ఈ తగ్గుదల బోర్ల మట్టంలో కనిపించలేదు (చ). ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకునే మాటలు కావు. క, ట పొలానికి చేరిన నీళ్లను కొలిచాయి; అందులో కొంత పారకంలో ఎలాగూ భూమిలోకి తిరిగి చేరేదే, కాబట్టి పైపు దగ్గర కనిపించిన ఆదా అంతా భూగర్భ జలానికి ఆదా కాదు. దీనికి తోడు, నిజంగా మిగిలినంత కూడా బోరులో ఉండకపోవచ్చు: డ్రిప్ వచ్చాక రైతులు సాగు పెంచుకున్నారు (త). అంటే భూగర్భ జలం మీద డ్రిప్ ప్రభావం తెలియాలంటే ఒక పొలాన్ని చూస్తే చాలదు, మిగిలిన నీళ్లతో ఆ కుటుంబం ఏం చేయాలనుకుందో చూడాలి."

గమనించారా, వాక్యాలకు కర్త మారిపోయింది. పాతదాంట్లో ప్రతి వాక్యానికీ కర్త రచయిత. కొత్తదాంట్లో కర్త నీళ్లు, డ్రిప్, రైతు. రచయితలు బ్రాకెట్లోకి వెళ్లారు. మీ పేజీలో పేర్లతో మొదలయ్యే వాక్యాలెన్ని ఉన్నాయో లెక్కపెట్టుకుంటే ఎంత దూరం వచ్చారో తెలిసిపోతుంది. ఎవరిదైనా పద్ధతే చర్చకు వస్తే, అప్పుడు పేరు ముందుకు రావచ్చు, రావాలి కూడా.

పేరా చివరి వాక్యం తర్వాతి సెక్షన్‌కు తలుపు తీసింది. మూడో సెక్షన్ మొదటి వాక్యం "మిగిలిన నీళ్లతో కుటుంబాలు తీసుకునే నిర్ణయాలు రెండు రకాలుగా ఉన్నాయి" అని మొదలైంది. అతుకు కోసం "ఇప్పుడు మూడో అంశాన్ని చూద్దాం" లాంటి వాక్యం రాయక్కర్లేదు.

ఇక్కడ ఇంకో ప్రమాదం ఉంది. బ్రాకెట్లోకి పేర్లు వెళ్లడం మొదలయ్యాక, ఒకే మాటకు ఎనిమిది పేర్లు కుక్కేయాలనిపిస్తుంది. ఆ ఎనిమిదీ ఒకే రకంగా, ఒకే పద్ధతితో అదే తేల్చి ఉంటే మూడు చాలు. వేరువేరు పద్ధతులతో అదే తేల్చి ఉంటే, ఆ సంగతే వాక్యంలో చెప్పండి, పైన మీటరు, రైతు అని చెప్పినట్టు.

పాత వాక్యాలను మళ్లీ రాసేటప్పుడు ఇంకో లాభం కూడా ఉంది. సారాంశాల వరుసలో చాలాసార్లు అబ్‌స్ట్రాక్ట్‌లోని వాక్యాలే కొంచెం అటూ ఇటూ మార్చి వచ్చేస్తాయి. ప్లేజియరిజం మీద యూజీసీ 2018 నిబంధనల్లో ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాటితే లెక్కలోకి వస్తుంది, 40 దాటితే సంగతి ఇంకా గట్టిది. రెండు మూడు పేపర్లను కలిపి ఒకే వాక్యంలో మీ మాటగా చెప్పినప్పుడు ఆ పోలిక దానంతటదే పడిపోతుంది.

ఆరో పని: గ్యాప్

"అనంతపురం జిల్లాలో ఈ అంశంపై అధ్యయనాలు లేవు." ఇది ఆమె పాత గ్యాప్. వైవాలో ఎవరో ఒకరు "సరే, అయితే చిత్తూరులో చేసినదాన్నే ఇక్కడ మళ్లీ చేస్తే కొత్తగా ఏం తెలుస్తుంది?" అంటారు. దానికి జవాబు ఉండాలి. ఊరి పేరు కారణం కాదు, ఊరిలో ఉన్న ఏదో ఒకటి కారణం కావాలి.

అనంతపురంలో ఉన్నది ఏమిటి? కింద ఎక్కువగా గట్టి రాయి, గ్రానైటు, నైస్. నీళ్లు ఆ రాయి పగుళ్లలో, పైన చితికిన పొరలో మాత్రమే ఉంటాయి. అందుకే పక్క పక్క బోర్లలో ఒకటి పోస్తుంది, ఇంకొకటి ఎండిపోతుంది. దాని మీద చీనీ తోట. చీనీ చెట్టు నాలుగైదేళ్లకు కాపుకొస్తుంది, ఆ తర్వాత ఏళ్ల తరబడి నిలబడాలి. శనక్కాయ వేసిన వాడి బోరు ఎండితే ఆ ఏడాది పోతుంది. చీనీ వేసిన వాడి బోరు ఏడో ఏట ఎండితే, చెట్టును కాపాడుకోవడానికి ట్యాంకర్లతో నీళ్లు తోలుకుంటాడు, లేదా ఇంకో బోరు వేస్తాడు, లేదా కొట్టేస్తాడు. డ్రిప్ పైపులు అప్పుడు ఏమవుతాయి?

షీటులో వెనక్కి వెళ్లి చూస్తే, క నుంచి ప దాకా అన్నీ నీళ్లు పోస్తున్న బోరున్న రైతునే చూశాయి. ఎవరికి డ్రిప్ అందిందన్నది చెప్పిన ప కూడా, అందిన రోజు దగ్గర ఆగిపోయింది. బోర్లు కలిపి వాడుకునే కుటుంబాలను చూసిన మ ఒక్కటే ఎండిన బోరును ప్రస్తావించింది, అదీ ఒక పేరాలో. అంటే నాలుగు సెక్షన్లలోనూ ఒకే చోట వెలితి ఉంది. అప్పుడు గ్యాప్ ఇలా వచ్చింది: "డ్రిప్ పై అధ్యయనాలు బోరు పనిచేస్తున్న కాలాన్నే చూశాయి. బోరు ఎండాక డ్రిప్ ఉన్న చీనీ రైతు ఏ నిర్ణయం తీసుకుంటాడు, ఆ నిర్ణయం పక్క బోర్ల మీద ఏ ప్రభావం చూపుతుంది అన్నది వాటిలో కనిపించదు. ఏళ్ల తరబడి నిలిచే తోటలూ, గట్టి రాయీ కలిసిన అనంతపురంలో ఈ ప్రశ్న తప్పించుకోలేనిది."

ఇలా రాసినప్పుడు చిత్తూరు ప్రశ్నకు జవాబు ఉంటుంది. ఇంకో మాట కూడా: ఈ గ్యాప్ పూడ్చడానికి మీ దగ్గర డేటా ఉండాలి. ఆమె సర్వేలో బోరు ఎండిన ఏడాది అడిగే ప్రశ్న ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోయి ఉంటే, గ్యాప్‌ను తన డేటా అందుకునేంత దగ్గరికి తెచ్చుకోవాల్సి వచ్చేది.

"లేదు" అని రాసే ముందు వెతకాలి, అది కూడా సరైన స్పెల్లింగుతో. మన జిల్లాల పేర్లతో ఇదో తలనొప్పి. అనంతపురం ఇంగ్లీషులో మూడు రకాలుగా రాస్తారు, 2022లో జిల్లా రెండైంది కాబట్టి కదిరి, ధర్మవరం, హిందూపురం మీద కొత్త పేపర్లు శ్రీ సత్యసాయి పేరుతో ఉంటాయి. శోధ్‌గంగలో, గూగుల్ స్కాలర్‌లో ఇలా వెతకండి:

```
(drip OR "micro irrigation") AND (Anantapur OR Ananthapuramu OR Anantapuramu OR "Sri Sathya Sai")
```

కడప మీద చేస్తున్న వాళ్లు `Cuddapah`, `Kadapa`, `YSR` మూడూ పెట్టాలి, పాత పేపర్లలో మొదటిదే ఉంటుంది. కర్నూలు వాళ్లు `Nandyal` మరిచిపోకండి. వెతికిన తేదీ, వాడిన మాటలు షీటులోనే ఒక మూల రాసుకోండి. వైవాలో "వెతికారా?" అంటే చూపించొచ్చు.

ఆమె వెతికినప్పుడు బోరు ఎండిన చీనీ తోటల మీద ఒక పాత ఎంఫిల్ డిసర్టేషన్ దొరికింది. భయపడి ఫోన్ చేసింది, "అక్కా, గ్యాప్ పోయింది." పోలేదు. అందులో తోట కొట్టేసిన నష్టం లెక్క ఉంది, డ్రిప్ ప్రస్తావన లేదు. దాన్ని మూడో సెక్షన్‌లో పెట్టాం, గ్యాప్ వాక్యం ఇంకొంచెం సన్నబడింది. అలా సన్నబడటం మంచిదే.

చివరి చూపు

చాప్టర్ పూర్తయ్యాక ప్రతి పేరాలోని మొదటి వాక్యాలను మాత్రమే కాపీ చేసి ఒక పేజీలో పెట్టి పైకి చదవండి. అది ఒక కథలా నడిస్తే, లోపల పేరాలు కూడా నిలబడతాయి. ఆమె చదివితే మూడో సెక్షన్‌లో ఒక చోట తెగింది. రెండు పేరాల మొదటి వాక్యాలు ఒకే మాట చెబుతున్నాయి. చూస్తే ఒకటి పాత ఫైలు నుంచి తెచ్చి అతికించిన పేరా. దాన్ని తీసేసింది.

62 పేజీలు 31 అయ్యాయి. పేపర్ల వివరాలు పోతాయని గైడు గారు అంటారేమోనని, షీటులోని అయిదు కాలమ్స్‌ను పట్టికగా అనుబంధంలో చేర్చమన్నాను. మళ్లీ వచ్చినప్పుడు ఉగ్గాని, బజ్జీ పొట్లం కట్టించుకుని తెచ్చింది. కొత్త ప్రింటు కూడా తెచ్చింది. ఈసారి నేను కత్తెర తీసి రెండు పేరాలు అటూ ఇటూ మార్చి ఇచ్చాను. రెండో వాక్యం దగ్గరే ఆగి, "ఇది ఇక్కడ కాదక్కా" అంది.